డాలరు పెరిగితే భారం ఎవరు మోయాలి? అమ్మాయికి రాయాల్సిన ఉత్తరం

ప్రశ్న: మాది పొదలకూరు. నేను టీచర్‌ని, మా ఆయన నిమ్మతోట చూసుకుంటారు. పెద్దమ్మాయి అమెరికాలో ఎం.ఎస్. మొదటి సంవత్సరం చదువుతోంది. ఫీజుకు బ్యాంకు లోను ఉంది, ఖర్చులకు మేమే పంపుతున్నాం. వెళ్లేటప్పుడు నెలకు 800 డాలర్లు అనుకున్నాం. డాలరు పెరిగేకొద్దీ మాకు బరువవుతోంది. మా ఆయన "నెలకు 72 వేలు పంపుతాం, ఎన్ని డాలర్లొస్తే అన్నే" అంటారు. అమ్మాయేమో "నా అద్దె డాలర్లలోనే కదమ్మా" అంటుంది. నెలకు 78 వేలు దాటితే మా వల్ల కాదు. ఫోన్లో మాట్లాడితే ఇద్దరం బాధపడి పెట్టేస్తున్నాం. రేటును బట్టి సర్దుకునేలా ఒక పద్ధతి పెట్టి తనకు ఉత్తరం రాద్దామనుకుంటున్నా. ఏం రాయాలి?
— ఒక తల్లి, నెల్లూరు జిల్లా

సమాధానం: అమ్మా, ఉత్తరం రాయాలనుకోవడం మంచి ఆలోచన. ఇలాంటి లెక్క ఫోన్లో తేలదు. నేను బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపే కౌంటరు చూసిన రోజుల్లో మీలాంటి తల్లిదండ్రులు చాలామంది వచ్చేవారు. అందరిదీ ఒకటే అవస్థ. డబ్బు పంపే రోజు రాగానే ఎంత పంపాలన్న చర్చ ఇంట్లో మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. ఒకసారి లెక్క రాసి పెట్టుకుంటే ఆ చర్చ ఏడాదికోసారి వస్తే చాలు.

మీ ఆయన మాటలోనూ న్యాయముంది, అమ్మాయి మాటలోనూ ఉంది. రూపాయల్లో ఖాయం చేస్తే రేటు భారమంతా అమ్మాయి మీద పడుతుంది. డాలరు 90 ఉన్నప్పుడు 72 వేలకు 800 డాలర్లు వస్తాయి. 96 అయితే 750 వస్తాయి, 105 అయితే 686 కూడా రావు. అక్కడి ఇంటి ఓనరు మాత్రం అద్దె తగ్గించడు. డాలర్లలో ఖాయం చేస్తే భారమంతా మీ మీద పడుతుంది. 105 దగ్గర 800 డాలర్లంటే 84 వేలు, మీరు చెప్పిన హద్దు దాటిపోయింది. అందుకని చిన్న చిన్న మార్పులు మీరు మోసి, పెద్ద మార్పు వస్తే ఇద్దరూ పంచుకునేలా రాసుకోవాలి. ఎక్కడిదాకా చిన్నది, ఎక్కడి నుంచి పెద్దది, పంచుకునేటప్పుడు ఎవరి వాటా ఎంత అన్నవే ఉత్తరంలో ఉండాల్సిన అసలు సంగతులు.

వాటికంటే ముందు ఇంకో పని ఉంది. మీరిద్దరూ ఒకే రేటు గురించి మాట్లాడుకుంటున్నారో లేదో చూసుకోవాలి. అమ్మాయి ఫోన్లో చూసేదీ, మీరు టీవీలో వినేదీ బ్యాంకులు తమలో తాము పెద్ద మొత్తాలు మార్చుకునే రేటు. మీకు ఆ రేటుకు ఎవరూ డాలర్లు ఇవ్వరు. బ్యాంకు తన లాభం కలుపుకుని ఇచ్చే అమ్మకం రేటు వేరే ఉంటుంది. దాని మీద కరెన్సీ మార్పిడికి జీఎస్టీ, పంపినందుకు బ్యాంకు చార్జీ, ఆ చార్జీ మీద మళ్లీ జీఎస్టీ పడతాయి. ఇవన్నీ పోను, డబ్బు దారిలో ఇంకో బ్యాంకు గుండా వెళ్తే అదీ కొంత కోసుకుంటుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. అంకెలు మీ బ్యాంకులో కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు. టీవీలో 87.90 అన్న రోజున బ్యాంకు 88.90 చెప్పిందనుకోండి. 800 డాలర్లకు 71,120 రూపాయలు. మార్పిడి జీఎస్టీ లెక్క కొంచెం చిత్రంగా ఉంటుంది. లక్ష లోపు మొత్తమైతే అందులో ఒక శాతాన్ని సేవ విలువగా తీసుకుని, దాని మీద 18 శాతం వేస్తారు. ఇక్కడ అది 128 రూపాయలు. బ్యాంకు చార్జీ 500 అనుకుంటే జీఎస్టీతో 590. మొత్తం మీ ఖాతాలో 71,838 తగ్గాయి. దారిలో బ్యాంకు 15 డాలర్లు కోసుకుంటే అమ్మాయి ఖాతాలో 785 పడ్డాయి. ఇప్పుడు 71,838ని 785తో భాగించండి, 91.51 వస్తుంది. మీరు నిజంగా ఇచ్చిన రేటు అదే. అమ్మాయి 87.90 అనుకుంటుంది, మీ చేతిలోంచి 91.51 పోయింది. డాలరు మీద మూడున్నర రూపాయల తేడా. మీ ఇంట్లో మాటా మాటా పెరగడానికి సగం కారణం ఇదే అయి ఉంటుంది. అమ్మాయి తప్పు లెక్క చెప్పడం లేదు, మీరూ చెప్పడం లేదు.

అదే డబ్బును రెండు నెలలకోసారి పంపితే ఏమవుతుందో చూడండి. 1,600 డాలర్లకు 1,42,240 రూపాయలు. లక్ష దాటింది కాబట్టి జీఎస్టీకి సేవ విలువను మొదటి లక్షకు వెయ్యి, మిగతా దాని మీద అర శాతం చొప్పున కడతారు. ఆ లెక్కన జీఎస్టీ 218. బ్యాంకు చార్జీ అదే 590. మొత్తం 1,43,048. దారిలో అదే 15 డాలర్లు పోతే 1,585 చేరతాయి. భాగిస్తే 90.25. డాలరుకు రూపాయి పావలా, నెలకు దాదాపు వెయ్యి రూపాయలు మిగిలాయి. రేటు తగ్గుతుందేమోనని పదిరోజులు కాచుకుని కూర్చున్నా ఇంత ఖాయంగా మిగలదు. పంపే ఫారంలో చార్జీలు ఎవరు భరించాలన్న చోట OUR, SHA అని ఉంటాయి. SHA పెడితే దారి ఖర్చు అమ్మాయికి చేరే డబ్బులోంచి పోతుంది. OUR పెడితే దారి ఖర్చు కూడా ఇక్కడే కట్టేస్తారు, అమ్మాయికి పూర్తిగా చేరే అవకాశం ఎక్కువ. దానికి మీ బ్యాంకు ఎంత అడుగుతుందో కనుక్కుని, ఏది చవకైతే అది పెట్టండి.

రెండు నెలలకోసారి పంపితే పిల్లలు మొదటి నెలలోనే ఖర్చు పెట్టేస్తారని భయం ఉంటుంది. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. డబ్బు చేరిన రోజే రెండో నెల వాటాను తన పొదుపు ఖాతాలోకి మార్చుకోమనండి, అద్దె తారీఖుకు దానంతట అదే కట్టుపడేలా పెట్టుకోమనండి. రెండుసార్లు చూశాక కుదరకపోతే నెలనెలా పంపడానికే వెళ్లండి. ఆ వెయ్యి రూపాయలకంటే అమ్మాయి నెలాఖరు సవ్యంగా గడవడం ముఖ్యం.

ఉత్తరంలో "రేటు" అని రాసిన ప్రతిచోటా దాని అర్థం ఒకటే ఉండాలి: మీ ఖాతాలో తగ్గిన మొత్తం రూపాయలను అమ్మాయి ఖాతాలో పడిన డాలర్లతో భాగించగా వచ్చింది. పంపకముందే ఆ అంకె ఎలా తెలుస్తుంది అంటారా? పై ఉదాహరణలో బ్యాంకు చెప్పిన రేటు 88.90, చివరికి తేలింది 90.25. తేడా 1.35. ఈ తేడా ప్రతిసారీ ఇంచుమించు ఇంతే ఉంటుంది. పంపే రోజు నెట్ బ్యాంకింగ్ తెర మీద కనిపించే రేటుకు మీ బ్యాంకు తాలూకు తేడా కలిపితే ఆ నెల రేటు వచ్చేస్తుంది. దాన్ని దగ్గరి రూపాయికి సరిచేసుకోండి, పైసల దగ్గర మాటలు వద్దు. నేను ఇక్కడి నుంచి మీ మొదటి రేటు 90 అనుకుని రాస్తున్నాను. మీకు వేరే అంకె తేలితే హద్దులనూ మొత్తాలనూ దాన్ని బట్టి మార్చుకోండి.

చిన్న మార్పు అంటే ఎంత? డాలరు 2022 జులైలో 80 దాటింది, 2025 డిసెంబరులో 90 దాటింది. మూడున్నరేళ్లలో పది రూపాయలు, అంటే సగటున ఏడాదికి సుమారు మూడు. నెలనెలా సమానంగా పెరిగిందని కాదు, కొన్నాళ్లు కదలకుండా ఉండి ఒక్కసారిగా ఎగసిన రోజులున్నాయి. ఏడాదికి మూడు రూపాయల కదలిక మామూలే కాబట్టి దాన్ని మీరే మోయండి. 87 నుంచి 93 వరకు రేటు ఎక్కడున్నా అమ్మాయికి 800 డాలర్లూ చేరాలి. 93 దగ్గర మీకు 74,400 అవుతుంది, 87 దగ్గర 69,600. ఈ మేరలో రేటు గురించి ఇద్దరూ నోరెత్తక్కర్లేదు. నా అనుభవంలో ఈ మూడు రూపాయల జాగా ఇవ్వని ఇళ్లలో పద్ధతి మూణ్నెల్లు కూడా నిలవదు. ప్రతిసారీ పది డాలర్లు పెరిగాయి, అయిదు తగ్గాయి అని లెక్క మారుతుంటే పిల్లలు విసిగిపోతారు.

93 దాటాక భారం పంచుకోవడం మొదలవుతుంది. నేనైతే సగం సగం అంటాను. 93 మీద రేటు ఒక్కో రూపాయి పెరిగినప్పుడల్లా 800 డాలర్లకు 800 రూపాయలు అదనంగా కావాలి. అందులో 400 మీరు కలపండి, మిగతా 400కు సరిపడా అమ్మాయి తగ్గించుకుంటుంది. 96కు వెళ్తే మీరు పంపేది 74,400కు మరో 1,200 కలిపి 75,600. అమ్మాయికి చేరేది 787 డాలర్లు. అంటే తనకు తగ్గింది 12, 13 డాలర్లే. మీ ఆయన పద్ధతిలో అయితే 50 తగ్గేవి. రేటు 102కు వెళ్లినా మీరు పంపేది 78,000, సరిగ్గా మీ హద్దు. అప్పుడు అమ్మాయికి 764 డాలర్లు చేరతాయి. ఈ అంకె ఇద్దరికీ చూపించండి. సగం సగం అనగానే పిల్లలకు నాలుగు వందలు పోతున్నట్టు వినిపిస్తుంది, నిజానికి రేటు 12 రూపాయలు పెరిగినా పోయేది 35 డాలర్ల చిల్లర.

రేటు 87 కంటే తగ్గితే? అదీ రాయాలి. పెరిగినప్పుడు మాత్రమే పంచుకుని తగ్గినప్పుడు మొత్తం మీరే ఉంచుకుంటే అది పద్ధతి కాదని పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. 87 కింద ఒక్కో రూపాయికి మీరు 400 మాత్రమే తగ్గించండి. 84 దగ్గర మీరు పంపేది 68,400, అమ్మాయికి చేరేది 814. తనకు 14 డాలర్లు ఎక్కువ, మీకు కొంత మిగులు.

మీ మిగులును ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాను. రేటు ఎంతున్నా నెలకు 75 వేలు ఒక విడి ఖాతాలో వేసెయ్యండి, అమ్మాయికి పంపేది అందులోంచే. 90 దగ్గర నెలకు 3,000 మిగులుతుంది, ఏడాదికి 36,000. 102 దగ్గర నెలకు 3,000 తరుగు పడుతుంది, ఏడాదికి అదే 36,000. అంటే ముందుగా ఖాతాలో 36 వేలు ఉంటే రేటు 102 దగ్గర ఏడాది పాటు నిలబడ్డా మీ నెల ఖర్చు 75 వేలు దాటదు. మీ నిమ్మకు ఎండాకాలంలో ధర బాగుంటుంది, వానలు పడ్డాక పడిపోతుంది. ఏప్రిల్, మే కోతల డబ్బులోంచి ఆ 36 వేలు తీసి పక్కన పెట్టండి. వానాకాలంలో పెడదామంటే కుదరదు.

రొయ్యల చెరువులున్న కోస్తా ఊళ్లవాళ్లూ, పొగాకు వేసే ప్రకాశం జిల్లా రైతులూ "డాలరు పెరిగితే మా సరుకుకూ ధర పెరుగుతుంది కదా" అంటారు. కొంతవరకు నిజమే, అవి ఎగుమతి సరుకులు. కానీ 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతు దెబ్బ తిన్నాడు, రూపాయీ అదే రోజుల్లో జారింది. సరుకు ధర మీద ఆధారపడి పిల్లల నెల ఖర్చు లెక్క కట్టడం నేనెవరికీ చెప్పను.

ఇక ఉత్తరం. ఇలా రాయొచ్చు, మీ మాటల్లోకి మార్చుకోండి:

*చిట్టి తల్లీ,*

*ఇది నీ ఖర్చులు తగ్గించడానికి రాస్తున్న ఉత్తరం కాదు, ముందే చెబుతున్నా. డాలరు పెరిగిన ప్రతిసారీ మనం ఫోన్లో మాట పడి, తర్వాత నువ్వూ నిద్రపోక, నేనూ నిద్రపోక, ఎందుకమ్మా ఇదంతా. నాన్నా నేనూ కూర్చుని లెక్క వేశాం. నువ్వు కూడా వేసి చూడు, తప్పుంటే చెప్పు.*

*నీకు నెలకు 800 డాలర్లు అన్నది అలాగే ఉంది. అందులో అద్దె వాటా 420, తిండి సరుకులు 180, ఫోనూ బస్సూ 50 అని నువ్వే చెప్పావు. ఆ 650 తప్పనివి. మిగతా 150 నీ బట్టలు, స్నేహితులు, సినిమాలు. ఏ లెక్కలో అయినా ఆ 650కి ఇబ్బంది రాకూడదన్నది మా మొదటి మాట.*

*రేటు అంటే టీవీలో చెప్పేది కాదు. మా ఖాతాలో తగ్గిన రూపాయలను నీ ఖాతాలో పడిన డాలర్లతో భాగిస్తే వచ్చేది. బ్యాంకు మెసేజ్ నీకు పంపుతా, నీకు ఎంత పడిందో నువ్వు నాకు పంపు. ఇప్పుడది 90.*

*అది 87కూ 93కూ మధ్య ఎక్కడున్నా నీకు 800 చేరతాయి. 93 దాటితే పెరిగిన భారంలో సగం మాది, సగం నీది. 96 అయితే నీకు 787 వస్తాయి, 102 అయితే 764. 87 కంటే తగ్గితే ఆ లాభంలో సగం నీకు. 102 కూడా దాటితే మాకు నెలకు 78 వేలకు మించి కుదరదు తల్లీ, ఆ మాట దాచను. అప్పుడు మేమే నీకు ఫోన్ చేస్తాం, ముగ్గురం మాట్లాడుకుని నిర్ణయిద్దాం. నీకు చెప్పకుండా ఒక్క డాలరు కూడా తగ్గించం.*

*ఇకనుంచి రెండు నెలలకోసారి, 25వ తేదీన పంపుతాం. చార్జీలు తగ్గుతాయి. రెండో నెలది వచ్చిన రోజే పక్కన పెట్టుకో. నీకు అలా కుదరకపోతే మొహమాటపడకు, నెలనెలా పంపుతా.*

*ఫీజు ఈ లెక్కలో లేదు, అది లోను వ్యవహారం, నాన్న చూసుకుంటారు. ఒంట్లో బాగోకపోవడం, ల్యాప్‌టాప్ పాడవడం, అత్యవసరంగా ఇల్లు మారడం కూడా ఈ లెక్కలోవి కావు. అలాంటివి వస్తే వచ్చిన రోజే చెప్పు, రేటు ఎంతని చూడం.*

*ఒక్కటి మాత్రం అడుగుతున్నా. తక్కువైన ఆ పది, ముప్పై డాలర్ల కోసం బయట ఎక్కడా క్యాష్ పనికి వెళ్లొద్దు. యూనివర్సిటీలో పని దొరికితే, నీ చదువుకు అడ్డు రాకపోతే చెయ్యి. ఆ డబ్బు నీది, దాన్ని చూసి మేం తగ్గించం.*

*ఏటా ఆగస్టులో, నీ అద్దె అగ్రిమెంటు మారేటప్పుడు, ఈ కాగితం మళ్లీ తీసి అప్పటి రేటుతో, అప్పటి ఖర్చులతో కొత్తగా రాద్దాం. దీనికి నువ్వు ఒప్పుకోవాలని లేదు. నీ లెక్క వేరేగా ఉంటే రాసి పంపు, నాన్నకు నేను చదివి వినిపిస్తా.*

*అమ్మ*

ఇందులో కొన్ని మాటలు ఎందుకున్నాయో చెప్పాలి. ఆగస్టులో మళ్లీ రాయడం అన్నది తీసేయకండి. రూపాయి మీద డాలరు కొన్నాళ్లు తగ్గినా దీర్ఘకాలంలో పెరుగుతూనే వచ్చింది. మొదటి రేటు 90 అని ఒకసారి రాసి వదిలేస్తే, రెండో ఏడాదికి రేటు 93 పైనే స్థిరపడిపోవచ్చు. అప్పుడు తాత్కాలికం అనుకున్న కోత శాశ్వతమై అమ్మాయి మీదే ఉండిపోతుంది. ఏటా కొత్త రేటును మధ్యలో పెట్టి, దాని చుట్టూ మళ్లీ మూడేసి రూపాయల జాగా ఇవ్వాలి. అలా పెట్టినప్పుడు 800 డాలర్లు మీ హద్దులో పట్టకపోతే, ఆ విషయం రేటు పేరు మీద కాకుండా నేరుగా మాట్లాడుకోవాలి. అద్దె పెరిగితే అదీ అంతే. చాలా ఇళ్లలో అద్దె పెరిగిందన్న మాటా, డాలరు పెరిగిందన్న మాటా కలిసిపోయి ఎవరు ఏది అడుగుతున్నారో తెలియకుండా పోతుంది.

క్యాష్ పని గురించి రాసింది ఊరికే కాదు. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల లోపే పని చేయాలి. మొదటి విద్యా సంవత్సరంలో బయట పనికి అనుమతి ఉండదు. పెట్రోలు బంకులోనో, హోటల్లోనో చేతికి డబ్బిచ్చే పని చేస్తే వీసాకే ఎసరు వస్తుంది. ఇంట్లో డబ్బు గురించి నొచ్చుకుంటున్నారని తెలిస్తే మంచి పిల్లలే ముందు ఆ పనికి వెళ్తారు. అందుకే ఆ మాట మీ నోటితో ముందుగా రావాలి.

ఇంకో దారి కూడా మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. "మా అబ్బాయి అక్కడ మీ అమ్మాయికి డాలర్లు ఇస్తాడు, మీరు ఇక్కడ మాకు రూపాయలు ఇవ్వండి, బ్యాంకు గొడవే లేదు" అని. బంధువుల మధ్యే అయినా దానికి ఒప్పుకోకండి. ఇక్కడ అది విదేశీ డబ్బు లావాదేవీలను నియంత్రించే 1999 నాటి ఫెమా చట్టానికి విరుద్ధం. అక్కడ అమ్మాయి ఖాతాలోకి ఎవరెవరి నుంచో డబ్బు పడుతుంటే అది ఎక్కడిదని బ్యాంకు అడిగితే తను చూపించడానికి కాగితం ఉండదు. మీరు చదువుకు పంపినట్టు రికార్డూ మిగలదు.

బ్యాంకులో ఏ2 ఫారం నింపేటప్పుడు ఏ పని మీద పంపుతున్నారో తెలిపే కోడ్ ఒకటి ఎంచుకోవాలి. చదువుకూ, హాస్టలు ఖర్చులకూ S0305. తొందరలో కుటుంబ పోషణ కోడ్ S1301 పెట్టేవాళ్లుంటారు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద పంపింది 10 లక్షలు దాటేవరకు రెంటికీ తేడా కనిపించదు. దాటిన తర్వాత పోషణ కింద పంపిన దాని మీద బ్యాంకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను 20 శాతం వసూలు చేస్తుంది, చదువు కిందైతే చాలా తక్కువ. మీరు 90 చొప్పున ఏడాదికి 9,600 డాలర్లు పంపితే 8 లక్షల 64 వేలు, హద్దు లోపలే. ఫీజు తాలూకు చిల్లర కూడా మీరే కట్టాల్సి వస్తే దాన్ని మీ ఆయన ఖాతాలోంచి, ఆయన పాన్ మీద పంపండి. ఆయనకూ 10 లక్షల హద్దు విడిగా ఉంటుంది. పొరపాటున టీసీఎస్ పడినా అది పోయిన డబ్బు కాదు, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. దాన్ని అమ్మాయి రేటు లెక్కలో కలపకండి. కలిపితే ఆ నెల రేటు ఉన్నట్టుండి పెరిగినట్టు కనబడుతుంది, తిరిగొచ్చే డబ్బుకు తను కోత భరించినట్టవుతుంది.

పద్ధతి సరిగ్గా నడుస్తోందో లేదో మీకు ఎలా తెలుస్తుంది? అమ్మాయి మధ్యలో డబ్బు అడిగితే కంగారు పడకండి, అడగడం మంచిదే. అసలు అడగడం మానేసి, ఎప్పుడు ఫోన్ చేసినా "సరిపోతున్నాయమ్మా, నువ్వేం పట్టించుకోకు" అంటుంటే అప్పుడు కనుక్కోండి. అక్కడ క్రెడిట్ కార్డు తేలిగ్గా దొరుకుతుంది. ప్రతి నెలా కనీస మొత్తం మాత్రం కట్టుకుంటూ పోతే బాకీ పైకి కనిపించదు, వడ్డీ మాత్రం మన బ్యాంకు లోను వడ్డీకంటే చాలా ఎక్కువగా పెరుగుతుంది. "కార్డు బిల్లు ఎంతొచ్చింది" అని అడగొద్దు, "కార్డు బిల్లు మొత్తం కట్టావా, కొంచెమే కట్టావా" అని అడగండి. కొంచెమే అంటే ఆ 650 లెక్కలో ఏదో తప్పింది. తిండికి 180 అని రాసింది మొహమాటంతో తగ్గించి చెప్పిన అంకె అయి ఉండొచ్చు. అప్పుడు రేటు హద్దులు కదపకుండా ఆ అంకెను సరిచేయండి.

ఉత్తరం పంపేముందు మీ ఆయనతో కూర్చుని గత మూడు నాలుగు సార్లు పంపిన బ్యాంకు మెసేజ్‌లు తీయండి. అమ్మాయిని ఆ తేదీల్లో తన ఖాతాలో పడిన డాలర్లు పంపమనండి. ప్రతిదాన్నీ భాగించి వచ్చిన రేటును ఒక కాగితం మీద వరసగా రాయండి. ఆ కాగితాన్ని కూడా ఫొటో తీసి ఉత్తరంతో పాటు పంపండి.